వాక్యం అప్పజెబితే మణికట్టు వచ్చినట్టేనా?

ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో చేతి ఎముకల పాఠం మొదలుకాగానే సీనియర్ల దగ్గర్నుంచి జూనియర్లకు ఒక ఇంగ్లీషు వాక్యం చేరుతుంది: ‘షీ లుక్స్ టూ ప్రెట్టీ, ట్రై టు క్యాచ్ హర్.’ ఇందులో ఎనిమిది మాటలున్నాయి, మణికట్టులోనూ ఎనిమిది ఎముకలున్నాయి. ఒక్కో మాట మొదటి అక్షరం ఒక్కో ఎముకది. బొటనవేలి వైపు నుంచి చిటికెన వేలి వైపుకు మొదటి వరస స్కేఫాయిడ్, లూనేట్, ట్రైక్వెట్రమ్, పిసిఫామ్. మళ్లీ బొటనవేలి వైపుకు వచ్చి మొదలుపెడితే రెండో వరస ట్రెపీజియం, ట్రెపిజాయిడ్, క్యాపిటేట్, హ్యామేట్. పుస్తకాల అంచుల్లో పెన్సిల్‌తో రాసి ఉండేదీ ఇదే, పరీక్ష ముందు రాత్రి గొణుక్కునేదీ ఇదే. వాక్యం నోటికి వస్తే మణికట్టు స్లైడ్ చేతికొచ్చినట్టేనన్నది విద్యార్థుల నమ్మకం. చాలామంది పాఠం చెప్పేవాళ్లు కూడా దీన్ని కాదనరు. ఈ నమ్మకం తప్పని నా వాదన. కొండగుర్తులు పనికిరావని అనడం లేదు. ఈ కొండగుర్తు స్లైడ్‌లో ఉన్న క్రమాన్ని పట్టుకోలేదనీ, పట్టుకున్నట్టు భ్రమ మాత్రం కలిగిస్తుందనీ అంటున్నాను.

ముందు స్లైడ్ ఏమడుగుతుందో చూడాలి. స్పాటర్ పరీక్షలో ఎవరూ ‘ఎనిమిది ఎముకల పేర్లు వరసగా చెప్పు’ అనరు. తెర మీద ఎక్స్‌రే ఒకటి కనిపిస్తుంది, దాని మీద ఒకే ఒక్క బాణం గుర్తు ఉంటుంది. గంట కొట్టేలోపు ఆ ఒక్క ఎముక పేరు రాయాలి. అంటే ప్రశ్న చోటు నుంచి పేరుకు వెళుతుంది. వాక్యం నేర్పింది పేరు నుంచి తర్వాతి పేరుకు వెళ్లడం. ఈ రెండూ వేర్వేరు పనులు. 1977లో మోరిస్, బ్రాన్స్‌ఫర్డ్, ఫ్రాంక్స్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం ప్రచురించారు. మాటల అర్థాన్ని ఆలోచిస్తూ నేర్చుకున్నవాళ్లు మామూలు పరీక్షలో బాగా చేశారు. ప్రాస మీద దృష్టిపెట్టి నేర్చుకున్నవాళ్లు ప్రాసను అడిగే పరీక్షలో వాళ్లను దాటేశారు. సాధన చేసిన తీరూ పరీక్ష అడిగే తీరూ ఒకటైనప్పుడే జ్ఞాపకం బాగా పలుకుతుందని దాని సారం. వాక్యాన్ని వందసార్లు వల్లించినవాడు వాక్యం వల్లించడంలో ఆరితేరుతాడు. బాణం మాత్రం వాక్యాన్ని అడగదు.

బాణం ట్రెపిజాయిడ్ మీద ఉందనుకుందాం. వాక్యాన్ని నమ్ముకున్న విద్యార్థి ముందు స్లైడ్‌లో బొటనవేలు ఎటుందో వెతకాలి. తర్వాత ముంజేతి వైపు వరసలో ‘షీ’ నుంచి ‘ప్రెట్టీ’ దాకా లెక్కపెట్టాలి, వరస మారాలి, మళ్లీ బొటనవేలి వైపు నుంచి ‘ట్రై, టు’ అంటూ ఆరో మాట దగ్గర ఆగాలి. మన సంగీతంలో కటపయాది పద్ధతి ఇంతకంటే ఎంత తెలివైనదో చూడండి. ధీరశంకరాభరణం ఎన్నో మేళకర్త అని అడిగితే ఒకటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. ‘ధ’కు తొమ్మిది, ‘ర’కు రెండు, తిరగేస్తే 29. మేచకల్యాణి అంటే ‘మ’కు అయిదు, ‘చ’కు ఆరు, తిరగేస్తే 65. వరసలో ఎక్కడ అడిగినా అక్కడే జవాబు దొరుకుతుంది, ఎందుకంటే చోటు పేరులోనే ఉంది. మణికట్టు వాక్యంలో ఏ ఎముక చోటూ దాని పేరుకు అంటుకుని లేదు. ప్రతిసారీ మొదటి మెట్టు నుంచే ఎక్కాలి, ఆ మొదటి మెట్టు ఎక్కడుందో కూడా వాక్యం చెప్పదు. బొటనవేలి వైపు మొదలుపెట్టాలన్న సంగతి విడిగా గుర్తుంచుకోవాలి. పరీక్ష కంగారులో ముందు జారిపోయేది అదే.

అక్షరాల సంగతికి వస్తే అవి చేస్తున్న పని కూడా సగమే. ఎనిమిది పేర్లలో మూడు ఇంగ్లీషు ‘టి’తో మొదలవుతాయి: ట్రైక్వెట్రమ్, ట్రెపీజియం, ట్రెపిజాయిడ్. వాక్యంలో వాటికి ‘టూ’, ‘ట్రై’, ‘టు’ అని మూడు మాటలున్నాయి. ఏ మాట ఏ ఎముకదో అక్షరం చెప్పదు. మూడింటినీ ఆరు రకాలుగా అమర్చవచ్చు, ఆరూ వాక్యానికి సమ్మతమే. అంతకంటే విడ్డూరం, ‘ట్రై’ అన్న మాట చెవికి ట్రైక్వెట్రమ్‌ను గుర్తు చేస్తుంది, కానీ అది నిలబడింది ట్రెపీజియం కోసం. ట్రైక్వెట్రమ్ వాటాకు వచ్చింది ‘టూ’. తికమక పడే అవకాశం ఎక్కడ ఎక్కువో అక్కడ సాయం చేయాల్సిన కొండగుర్తు సరిగ్గా అక్కడే తప్పుదారి చూపిస్తోంది. పేర్లు ముందే బాగా వచ్చినవాడికి మొదటి అక్షరం తట్టి లేపుతుంది. రానివాడికి ‘టి’ అనే అక్షరం మూడు తలుపుల ముందు నిలబెట్టి వెళ్లిపోతుంది.

ఇవన్నీ చిల్లర లోపాలని, అభ్యాసంతో సర్దుకుంటాయని అనవచ్చు. సర్దుకోలేనిది ఒకటుంది. వాక్యంలో పక్కపక్కన ఉన్నవన్నీ మణికట్టులో పక్కపక్కన లేవు. ‘ప్రెట్టీ’ తర్వాతి మాట ‘ట్రై’. అంటే పిసిఫామ్ పక్కన ట్రెపీజియం. నిజంగా చూస్తే పిసిఫామ్ చిటికెన వేలి వైపు చివరన ఉంటుంది, ట్రెపీజియం బొటనవేలి మొదట్లో ఉంటుంది. మణికట్టులో ఇంతకంటే దూరంగా ఉన్న జత దొరకడం కష్టం. ఇక వాక్యంలో దూరంగా ఉన్నవాటిని చూడండి. లూనేట్ రెండోది, క్యాపిటేట్ ఏడోది. ఎముకల్లో మాత్రం క్యాపిటేట్ గుండ్రటి తల లూనేట్ పల్లంలో ఇమిడి కూర్చుంటుంది. స్కేఫాయిడ్ మొదటిది, ట్రెపీజియం అయిదోది, ఈ రెండూ ఒకదానికొకటి ఆనుకుని కీలు కడతాయి. ట్రైక్వెట్రమ్ మూడోది, హ్యామేట్ ఎనిమిదోది, అవీ ఆనుకునే ఉంటాయి. రెండు వరసలుగా ఉన్న బొమ్మను ఒకే తీగగా సాగదీస్తే అడ్డంగా ఉన్న పొరుగు మిగులుతుంది, నిలువుగా ఉన్న పొరుగంతా తెగిపోతుంది. వైద్యానికి పనికొచ్చేది ఎక్కువగా ఆ నిలువు పొరుగే.

చేయి పక్కకు తిప్పి తీసిన ఎక్స్‌రేలో రేడియస్, లూనేట్, క్యాపిటేట్ ఒకే గీత మీద నిలబడాలి. చేయి చాపి కింద పడ్డ మనిషి మణికట్టులో లూనేట్ ఆ గీత నుంచి అరచేతి వైపుకు జారిపోతే, అక్కడే కార్పల్ టన్నెల్‌లో వెళ్లే మీడియన్ నరం నలిగిపోవచ్చు. ఆ జారుడును పట్టుకోవాలంటే లూనేట్ మీద ఉండాల్సింది క్యాపిటేట్ అని కంటికి తెలియాలి. వాక్యం నేర్చిన కంటికి లూనేట్ తర్వాత ట్రైక్వెట్రమ్ వస్తుందని మాత్రమే తెలుసు. స్కేఫాయిడ్ విషయమూ అంతే. మణికట్టులో ఎక్కువగా విరిగే ఎముక అది. వాక్యం దాన్ని మొదటి వరసలో మొదటిదిగా కూర్చోబెట్టి వదిలేసింది. నిజానికి దాని కింది కొస రేడియస్‌నూ, పై కొస ట్రెపీజియం, ట్రెపిజాయిడ్‌లనూ తాకుతూ రెండు వరసల మధ్య వారధిలా ఏటవాలుగా ఉంటుంది. రక్తం చాలా వరకు పై కొస వైపు నుంచే లోపలికి వస్తుంది కాబట్టి నడుము దగ్గర విరిగితే ముంజేతి వైపు ముక్కకు రక్తం అందక చచ్చుపడే ప్రమాదం ఉంది. ‘షీ’ అనే మాటకు పై కొస, కింది కొస ఉండవు.

లోతు అనే కొలత కూడా వాక్యంలో లేదు, దాని ఫలితం పిసిఫామ్ దగ్గర తెలుస్తుంది. అరచేతిని బోర్లా పెట్టి తీసిన మామూలు ఎక్స్‌రే తీసుకోండి. వాక్యం ప్రకారం ముంజేతి వైపు వరసలో నాలుగు ఎముకలు పక్కపక్కన కనబడాలి. కనిపించేవి మూడే. పిసిఫామ్ ట్రైక్వెట్రమ్ పక్కన ఉండదు, దాని ముందు, అరచేతి వైపున ఉంటుంది. ఫ్లెక్సర్ కార్పి అల్నారిస్ అనే కండరపు స్నాయువులో పుట్టిన చిన్న ఎముక అది, ట్రైక్వెట్రమ్‌ను తప్ప దేన్నీ తాకదు. అందుకే ఎక్స్‌రేలో రెండు నీడలు ఒకదాని మీద ఒకటి పడి ట్రైక్వెట్రమ్ దగ్గర చిక్కటి తెల్లటి మచ్చ ఒకటి కనిపిస్తుంది. నాలుగోదాని కోసం వెతికే విద్యార్థి దాన్ని ఎముకగా లెక్కపెట్టడు. అంచున కనిపించే మరో ఎముకను, అంటే హ్యామేట్‌ను, పిసిఫామ్ అనేసుకుంటాడు. లేదా హ్యామేట్ కొక్కెం ఎదురుగా కనబడి గుండ్రటి గీతలా వేసే నీడను పిసిఫామ్ అనుకుంటాడు. ఒక పేరు తప్పుచోట పడితే మిగతావి సర్దుకోవడానికి వాటి చోట్లు కూడా తప్పుతాయి. అలా తప్పిందని విద్యార్థికి తెలిసే దారి కూడా లేదు. వాక్యంలో ఎనిమిది మాటలూ సరిగ్గానే పలికాడు కదా.

మరి ఏం చేయాలి? క్రమాన్ని వాక్యంలో కాక బొమ్మలోనే కట్టాలి. మణికట్టు ఎక్స్‌రేలో ఎప్పుడూ కనిపించేవీ, ఎవరూ పొరబడనివీ అయిదు వేళ్ల మెటాకార్పల్ ఎముకలు. మధ్యవేలి మెటాకార్పల్ పట్టుకుని కిందికి దిగితే తగిలే పెద్ద ఎముక క్యాపిటేట్. ఎనిమిదింటిలోకీ పెద్దది అదే, నట్టనడుమ ఉండేదీ అదే. చూపుడు వేలి కింద ప్రధానంగా ట్రెపిజాయిడ్, బొటనవేలి కింద ట్రెపీజియం, ఉంగరపు వేలూ చిటికెన వేలూ రెండూ కలిసి హ్యామేట్ మీద కూర్చుంటాయి. వేళ్ల వైపు వరస నాలుగూ ఇంతటితో తేలిపోయాయి, ఒక్క అక్షరం కూడా కంఠతా పట్టకుండానే. ముంజేతి వైపు నుంచి రేడియస్ ఎక్కితే బొటనవేలి వైపున స్కేఫాయిడ్, దాని పక్కన క్యాపిటేట్ తల కింద లూనేట్. అల్నా వైపు మిగిలేది ట్రైక్వెట్రమ్, దాని మీద నీడగా పిసిఫామ్. కుడిచేయి, ఎడమచేయి అన్న తేడా ఇక్కడ అడ్డం రాదు. స్లైడ్‌ను తిరగేసి చూపించినా వేళ్లు తమ ఎముకలను వెంటబెట్టుకునే తిరుగుతాయి. బాణం ట్రెపిజాయిడ్ మీద ఉంటే ‘ఇది చూపుడు వేలి కిందిది’ అని ఒక్క అడుగులో జవాబు వస్తుంది.

ఈ పద్ధతికి అసలు పరీక్ష పిల్లల ఎక్స్‌రేలో ఎదురవుతుంది. మణికట్టు ఎముకలు పుట్టేనాటికి మృదులాస్థిగా ఉంటాయి, ఎక్స్‌రేలో కనిపించవు. క్యాపిటేట్, హ్యామేట్ మొదటి ఏడాదిలోనే, తొలి కొద్ది నెలల్లో, చుక్కల్లా కనిపిస్తాయి. ట్రైక్వెట్రమ్ సుమారు మూడో ఏట, లూనేట్ నాలుగో ఏట. ఆ తర్వాత ఆరేళ్ల లోపు స్కేఫాయిడ్, ట్రెపీజియం, ట్రెపిజాయిడ్. పిసిఫామ్ తొమ్మిది నుంచి పన్నెండేళ్ల మధ్య. వయసు అంచనాకు వైద్యులు చూసే ఎక్స్‌రేల్లో ఇదొకటి కాబట్టి ఇలాంటి స్లైడ్ పరీక్షకు రావడం అరుదేమీ కాదు. మూడేళ్లు దాటిన పిల్లవాడి మణికట్టును తెర మీద ఊహించండి. మధ్యలో రెండు గుండ్రటి చుక్కలు, చిటికెన వేలి వైపు కాస్త కిందికి మూడోది. బొటనవేలి వైపంతా ఖాళీ. వాక్యం పట్టుకున్నవాడు బొటనవేలి వైపు నుంచి ‘షీ’ అని మొదలుపెడతాడు, అక్కడ ఎముకే లేదు. అంతకంటే ఘోరం, రేడియస్ కొసన అప్పటికే ఏర్పడ్డ ఎపిఫిసిస్ పలక ఒకటి అడుగున కనిపిస్తుంది, దాన్నే స్కేఫాయిడ్ అనుకునే ప్రమాదం ఉంది. ఎనిమిదీ ఉంటేనే పనిచేసే లెక్క మూడే ఉన్నచోట కుప్పకూలుతుంది.

వేళ్ల పద్ధతి అక్కడ కూడా నిలబడుతుంది, అంతేకాదు, ఎముకలు కనిపించే వరసను కూడా తనతో తెచ్చుకుంటుంది. మధ్యవేలి కింద క్యాపిటేట్ దగ్గర వేలు పెట్టండి. చిటికెన వేలి వైపు జరిగితే హ్యామేట్. అక్కడి నుంచి ముంజేతి వైపు దిగితే ట్రైక్వెట్రమ్. బొటనవేలి వైపుకు అడ్డంగా వెళితే లూనేట్, దాటితే స్కేఫాయిడ్. పైకెక్కితే ట్రెపీజియం, దాని పక్కన ట్రెపిజాయిడ్, మళ్లీ క్యాపిటేట్. క్యాపిటేట్ చుట్టూ ఒక ప్రదక్షిణ పూర్తయింది, ప్రతి ఎముకా తర్వాతి ఎముకను ఆనుకునే ఉంది. స్థూలంగా ఇదే అవి ఎక్స్‌రేలో కనిపించే వరస. చివరి మూడింటి వరస పిల్లవాడిని బట్టీ, పుస్తకాన్ని బట్టీ మారుతుంది, ఆడపిల్లల్లో అన్నీ కాస్త ముందే వస్తాయి, కాబట్టి ఆ మూడింటిని చూసి వయసు తేల్చకూడదు. అయినా ఒకే నడకలో చోటూ, పొరుగూ, కాలమూ మూడూ దొరికాయి. ఎనిమిది ఇంగ్లీషు మాటల్లో ఈ మూడింటిలో ఒక్కటీ పూర్తిగా లేదు.

ఇన్ని తరాల డాక్టర్లు ఆ వాక్యంతోనే పాసయ్యారు కదా అన్నది తరచూ వినబడే జవాబు. పాసైన మాట నిజమే. కానీ వాళ్లు వాక్యంతో పాటు డిసెక్షన్ హాలులో ఎముకలు చేతబట్టుకున్నారు, పేషెంట్ల ఎక్స్‌రేలు వందల్లో చూశారు. ఇప్పుడు మణికట్టు ఎక్స్‌రే చూసే ఆర్థోపెడిక్ వైద్యుడు ‘షీ లుక్స్’ అని లెక్కపెడుతూ కూర్చోడు, లూనేట్ ఆకారాన్ని చూసి లూనేట్ అంటాడు. వాక్యం చేసిన మేలుగా చెప్పుకుంటున్నదంతా ఆ తర్వాత జరిగిన చూపు అలవాటు చేసిన మేలు. ఇంకొందరు వాక్యం కొంటెగా ఉంటేనే గుర్తుంటుందంటారు, దీనికి బూతు రూపాలు కూడా అందుకే పుట్టాయంటారు. కొంటెతనం గుర్తుండే మాట నిజమే, కానీ గుర్తుండేది కొంటెతనమే. వాక్యంలోని అమ్మాయికీ స్కేఫాయిడ్‌కూ ఏ సంబంధమూ లేదు, కాబట్టి ఆమె ఎంత గుర్తున్నా ఎముకకు ఒరిగేదేమీ లేదు. క్లాసులో సగం మంది అమ్మాయిలున్న రోజుల్లో అమ్మాయిని పట్టుకోమని చెప్పే వాక్యాన్ని పాఠంగా అందించడం ఎంత బాగుంటుందో అందించేవాళ్లే ఆలోచించుకోవాలి.

అసలు గట్టి ఆక్షేపణ వేరే ఉంది. కొండగుర్తులన్నీ ఇలాంటివే అయితే మడమ దగ్గరి ‘టామ్, డిక్ అండ్ వెరీ నర్వస్ హ్యారీ’ ఎలా పనిచేస్తోంది? తల చర్మపు అయిదు పొరలను స్కాల్ప్ అన్న మాటలోని అయిదు అక్షరాలే ఎలా చెప్పగలుగుతున్నాయి? అవి బాగా పనిచేస్తాయని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. చీలమండ లోపలి ఎముక వెనక టిబియాలిస్ పోస్టీరియర్, ఫ్లెక్సర్ డిజిటోరమ్ లాంగస్, ధమని, సిర, నరం, ఫ్లెక్సర్ హాలూసిస్ లాంగస్ ఒకదాని వెనక ఒకటి మడమ వైపుకు నిజంగానే ఒకే బారుగా ఉంటాయి. మొదలు ఎక్కడో చేతికి తగిలే ఎముకే చెబుతుంది. తల పొరలు చర్మం నుంచి పుర్రె దాకా ఒకదాని కింద ఒకటి ఉంటాయి, మొదలు ఎప్పుడూ చర్మమే. బొమ్మ తీగలా ఉన్నచోట తీగలాంటి వాక్యం సరిపోతుంది. మణికట్టుకే ‘సో లాంగ్ టు పింకీ, హియర్ కమ్స్ ద థంబ్’ అనే మరో వాక్యం ఉంది. అది మొదటి వరసను చిటికెన వేలి దగ్గర ముగించి, రెండో వరసను అక్కడి నుంచే వెనక్కు నడిపించి బొటనవేలి దగ్గర ట్రెపీజియంతో ఆపుతుంది. ‘పింకీ’ పిసిఫామ్‌దీ, ‘థంబ్’ ట్రెపీజియందీ కావడంతో వాక్యంలోనే రెండు చోట్లు దొరుకుతున్నాయి. వాక్యాన్ని మానుకోలేనివాళ్లు దీన్ని వాడుకుంటే నష్టం తగ్గుతుంది. లూనేట్‌కూ క్యాపిటేట్‌కూ మధ్య దూరం మాత్రం ఇందులోనూ మిగిలే ఉంది.

కొండగుర్తు ఏదైనా ఒప్పుకునే ముందు చేయదగ్గ తనిఖీ ఒకటుంది. స్లైడ్ మీద వేలు పెట్టి వాక్యం పలుకుతూ నడిపించాలి. వేలు ఎత్తకుండా చివరిదాకా వెళ్లగలిగితే వాక్యమూ బొమ్మా ఒకే క్రమంలో ఉన్నట్టు. చీలమండ దగ్గర వేలు ఎత్తనక్కర్లేదు. ‘ప్రెట్టీ’ దగ్గర మణికట్టు ఈ అంచు నుంచి ఆ అంచుకు గెంతాల్సిందే, ఆ గెంతుకు శరీరంలో ఏ కారణమూ లేదు, రాసినవాళ్ల సౌకర్యం తప్ప. నేను చెప్పిన ప్రదక్షిణలో కూడా ఒకచోట వేలు ఎత్తక తప్పదు, ఏడు ఎముకలూ అయ్యాక పిసిఫామ్‌ను అందుకోవడానికి. అది మిగతా ఏడింటి వరసలో లేదు, వాటి ముందుంది. ఎక్స్‌రేలో కనిపించేది కూడా అన్నింటికంటే చివర, కొన్నేళ్లు ఆలస్యంగా.